డీలోడ్ వారం ఎందుకు పెట్టాను, వ్యాయామాలు ఎందుకు తగ్గించాను

*"సార్, తప్పుగా అనుకోవద్దు. మీరు పంపిన ప్లాన్ చూసినాను. రోజుకు నాలుగే వ్యాయామాలు, అయిదో వారంలో అవి కూడా సగమే చేయమని రాసినారు. నేను ఇన్నాళ్ళూ రోజుకు ఏడెనిమిది చేసేవాణ్ణి, వారానికి అయిదు రోజులు. డబ్బు కట్టింది ఎక్కువ చేయించుకోవడానికి గదా, తక్కువ చేయడానికా? డీలోడ్ అంటే ఒక వారం వేస్ట్ అయినట్టే కాదా? వయసు 41, బ్యాంకు ఉద్యోగం, బైరాగిపట్టెడ, తిరుపతి."*

తప్పుగా ఏమీ అనుకోలేదు. అడగకుండా రెండు వారాలు చేసి మానేసేవాళ్ళతోనే నాకు ఇబ్బంది.

ముందు సూటిగా చెప్తాను. మీరు చేస్తున్న సెట్లలో దాదాపు సగం కండకు పనికిరాకుండా ఒట్టి అలసటగా మిగులుతున్నాయి. అందుకే వ్యాయామాలు తగ్గించాను. ఆ తగ్గించినవాటిని కూడా నాలుగు వారాలు గట్టిగా చేస్తే కొంత అలసట పోగవుతుంది. దాన్ని దించుకుని ఆరో వారంలో బరువు పెంచడానికి డీలోడ్, అంటే కావాలని పని తగ్గించుకునే వారం, పెట్టాను. ఆ ఒక్క వారంలో మీ కండ పెరుగుతుందని మాత్రం చెప్పను, పెరగదు. ఉన్నది పోదు, అంతే. లాభమంతా దాని తర్వాతి వారాల్లో కనిపిస్తుంది.

ఇది నా సొంత సిద్ధాంతం అనుకోకండి. మీరు ఫోటోలు తీసి పంపిన నోటుబుక్కునే ముందర పెట్టుకుని రాస్తున్నాను. నోటుబుక్కు రాసే అలవాటు ఉన్నందుకు మెచ్చుకోవాలి గానీ, రాసినదాన్ని మీరు ఒకసారైనా వెనక్కి తిప్పి చదివారా అన్నది నా అనుమానం.

మీ సోమవారం, అంటే ఛాతీ రోజు, ఇట్లా ఉంది. ఫ్లాట్ బెంచ్ నాలుగు సెట్లు, ఇంక్లైన్ నాలుగు, డిక్లైన్ మూడు, డంబెల్ ఫ్లై మూడు, పెక్ డెక్ మూడు, కేబుల్ క్రాసోవర్ మూడు, చివర పుష్‌అప్‌లు మూడు. మొత్తం 23 సెట్లు. ఫ్లాట్ బెంచ్ మీద 60 కిలోలతో 8, 8, 7, 6 రెప్స్ వచ్చాయి. ఇంక్లైన్ 45 కిలోలతో 8, 6, 5, 5. తర్వాత డిక్లైన్, అదే 45 కిలోలు, 6, 5, 5.

ఇక్కడ ఆగండి. కండలు తాజాగా ఉన్నప్పుడు డిక్లైన్ మీద చాలామంది ఫ్లాట్ కంటే కాస్త ఎక్కువే ఎత్తుతారు, ఎందుకంటే బార్ కదలాల్సిన దూరం తక్కువ. మీరు 60 తో ఎనిమిది కొట్టిన మనిషి, అరగంట తర్వాత 45 తో ఆరు దగ్గర ఆగిపోయారు. ఛాతీ పని అప్పటికే అయిపోయింది. ఆ తర్వాత చేసిన పన్నెండు సెట్లలో ఏం జరిగిందో మీ పుస్తకంలోనే ఉంది: ఫ్లైకి 7.5 కిలోల డంబెల్స్ అని రాశారు, పెక్ డెక్ దగ్గర నుంచి బరువు రాయడమే మానేసి టిక్కులు పెట్టారు. మనిషి లెక్క రాయడం మానేశాడంటే ఆ పని మీద అతనికే నమ్మకం పోయిందని నేను అర్థం చేసుకుంటాను.

ఇంకో సంగతి. ఫ్లాట్ బెంచ్ 60 కిలోలు, 8, 8, 7, 6 అన్న అంకెలు జనవరి పేజీలోనూ ఉన్నాయి, మొన్నటి పేజీలోనూ ఉన్నాయి. నెలల తరబడి వారానికి 23 సెట్లు ఛాతీకి పెట్టి ఒక్క రెప్ కూడా పెరగలేదంటే, ఇరవై నాలుగో సెట్ చేస్తే పెరుగుతుందా?

ఇక మీ వారాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్ళు. జిమ్ గోడ మీద చార్టులో ఇట్లాగే ఉంటుంది, చాలామంది ఇదే చేస్తారు. కాగితం మీద ఒక్కో కండకు వారం విశ్రాంతి ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి బెంచ్ కొట్టినప్పుడు ఛాతీతో పాటు భుజం ముందు భాగం, చేతి వెనక ట్రైసెప్స్ కూడా పనిచేస్తాయి. బుధవారం భుజాలకు ప్రెస్ చేస్తే మళ్ళీ అవే. గురువారం చేతుల రోజున ట్రైసెప్స్ మూడోసారి. ఛాతీకి వారానికి ఒక్కసారే పని, మోచేయికి మాత్రం నాలుగు రోజుల్లో మూడుసార్లు. మీరు ఫారంలో "మోచేయి బయటి పక్క కొంచెం లాగుతుంది, పెద్దది కాదు" అని రాశారు చూడండి, అది ఊరికే రాలేదు.

కండ కంటే దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయుబంధం నెమ్మదిగా గట్టిపడుతుంది. దానికి రక్త ప్రసరణ తక్కువ. నలభై దాటాక ఇంకా నెమ్మది. కండ "సరే, ఇంకొకటి" అంటున్నప్పుడే మోచేయి, భుజం, మోకాలు లోపల లెక్క రాసుకుంటుంటాయి. మొదట పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉంటుంది, వార్మప్ అయ్యాక తగ్గిపోతుంది. తగ్గిపోతుంది కాబట్టే ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. 2016లో ఒక పోటీకి తయారవుతూ భుజం ఇట్లాగే లాగుతుంటే వేడి నీళ్ళ కాపడం పెట్టుకుని బెంచ్ కొడుతూ పోయాను. ఆరు వారాలకు చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి వెనక్కి పోలేదు. పోటీ పోయింది, మూడు నెలలు బార్ పట్టలేదు. ఒక వారం తగ్గించుకోవడానికి మనసొప్పక మూడు నెలలు పోగొట్టుకున్న లెక్క అది.

ఇప్పుడు మీ కొత్త ప్లాన్. మీ పాత వారంలో మొత్తం 91 సెట్లు ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. కొత్తదానిలో 48. నాలుగు రోజులు, రోజుకు నాలుగు వ్యాయామాలు, ఒక్కోటి మూడు సెట్లు. సోమ, గురువారాలు పైభాగం, మంగళ, శుక్రవారాలు కాళ్ళు. సోమవారం ఫ్లాట్ బెంచ్, సీటెడ్ రో, ఇంక్లైన్ డంబెల్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్. గురువారం డంబెల్ షోల్డర్ ప్రెస్, పుల్‌డౌన్, మళ్ళీ ఫ్లాట్ బెంచ్, బైసెప్స్ కర్ల్. కాళ్ళ రోజుల సంగతి ప్లాన్‌లోనే ఉంది, మళ్ళీ రాయను.

ఛాతీకి ఒకే రోజు 23 సెట్లు పోయి, రెండు రోజుల్లో తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదీ తాజా కండతో చేసేవి, ప్రతిదానికీ పుస్తకంలో అంకె ఉండేవి. బెంచ్ వారానికి రెండుసార్లు వస్తుంది కాబట్టి బార్ ఎక్కడ దించాలి, మోచేతులు ఎంత దగ్గరగా పెట్టాలి అన్నది చేతికి పట్టుబడుతుంది. ఏడు వ్యాయామాలు ఉన్నప్పుడు ఏది పెరిగింది, ఏది తగ్గింది అని ఎవరికీ తెలియదు. రెండు ఉన్నప్పుడు రెండో వారానికే తెలిసిపోతుంది. నేను దూరం నుంచి చూసేవాణ్ణి, నాకు ఇది ఇంకా ముఖ్యం.

తీసేసినవాటిని ఎందుకు తీసేశానో కూడా చెప్పాలి. డిక్లైన్ ఫ్లాట్ చేసే పనే చేస్తుంది. ఫ్లై, పెక్ డెక్, క్రాసోవర్ మూడూ ఒకే కదలికకు మూడు పరికరాలు. మెడ వెనక్కి లాగే పుల్‌డౌన్ తీసేశాను, రోజంతా కంప్యూటర్ ముందు ముందుకు వంగి కూర్చునే భుజానికి ఆ కోణం మంచిది కాదు. అప్‌రైట్ రో కూడా అందుకే. వీటిలో చెడ్డది అంటూ ఏదీ లేదు, మీకు ఇప్పుడు అక్కర్లేదు. ఆరు నెలల తర్వాత ఫ్లై మళ్ళీ పెట్టమని నేనే అడగవచ్చు.

తొమ్మిది అన్నది పవిత్రమైన అంకె ఏమీ కాదని కూడా ఒప్పుకుంటాను. సెట్లు ఎక్కువయ్యే కొద్దీ కండ పెరుగుదల కొంతవరకు ఎక్కువవుతుందన్న మాట నిజమే. కానీ అది మనిషి కోలుకోగలిగినంతవరకే. ముందు తొమ్మిదితో మీ అంకెలు కదలడం చూస్తాను. కదిలి, నిద్ర బాగుండి, మోచేయి ఊరుకుంటే రెండో విడతలో రెండు సెట్లు కలుపుతాను. తక్కువ నుంచి పెంచుకుంటూ పోతే మీకు ఎంత చాలో తెలుస్తుంది. ఎక్కువ నుంచి మొదలుపెడితే ఆ సంగతి దెబ్బ తగిలాకే తెలుస్తుంది.

ఇప్పుడు అయిదో వారం.

మన వైపు వాళ్ళకు ఇది బోరు లెక్కతో చెప్తే సులభం. బోరులో నీళ్ళున్నాయి, మోటారూ బాగుంది. ఆపకుండా తోలితే మధ్యాహ్నానికి గాలి కొడుతుంది. చూసినవాడు బోరు ఎండిపోయిందంటాడు. నాలుగు గంటలు మోటారు నిలిపిపెడితే నీళ్ళు ఊరి, మళ్ళీ నిండుగా పడుతుంది. నీళ్ళు ముందూ ఉన్నాయి, పైకి రాలేదంతే. మీ బలం కూడా అంతే. 1970ల్లో కెనడాలో ఎరిక్ బానిస్టర్ అనే శాస్త్రవేత్త దీన్ని ఒక లెక్కగా రాశారు: శిక్షణ ఇచ్చిన ప్రతిసారీ శరీరంలో సామర్థ్యమూ పెరుగుతుంది, అలసటా పెరుగుతుంది, మనకు బయట కనిపించేది ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది. అలసట తొందరగా దిగుతుంది, సామర్థ్యం నెమ్మదిగా దిగుతుంది. కాబట్టి కొన్ని రోజులు పని తగ్గిస్తే అలసట పోయి, సంపాదించుకున్న సామర్థ్యం బయటికి కనిపిస్తుంది. పోటీలకు ముందు ఆటగాళ్ళు పని తగ్గించుకునేది ఇందుకే.

ఒక మనిషి లెక్క చూపిస్తాను, అంకెలతో సహా. కె.టి. రోడ్డు వైపు ఒక లాడ్జి మేనేజరు, వయసు 36, మూడేళ్ళుగా జిమ్. ఆయన స్క్వాట్ 80 కిలోల దగ్గర నడుస్తోంది. మూడో వారం 8, 8, 8. నాలుగో వారం 8, 7, 6. "అయిదో వారం డీలోడ్" అన్నాను. "ఇప్పుడే తగ్గింది సార్, ఇంకా తగ్గిస్తే ఎట్లా? ఈ వారం గట్టిగా కొడతా" అన్నాడు. కొట్టాడు. 6, 5, 5 వచ్చింది, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తోందన్నాడు. ఆరో వారం బతిమాలి 70 కిలోలతో రెండు సెట్లు, సెట్‌కు అయిదు రెప్స్ మాత్రం చేయించాను. జిమ్‌లో ఎవరైనా చూస్తారేమోనని మధ్యాహ్నం పూట వెళ్ళొచ్చాడు పాపం. ఏడో వారం అదే 80 కిలోలు: 9, 9, 8.

ఆ ఒక్క వారంలో ఆయన కాళ్ళలో కొత్త బలం పుట్టలేదు. మూడు, నాలుగు వారాల్లో పుట్టిందే అలసట కింద దాక్కుని ఉంది. అయిదో వారం తగ్గించి ఉంటే ఆరో వారంలోనే కనిపించేది, మోకాలు జోలికి పోయేది కాదు.

డీలోడ్ అంటే సెలవు అనుకుని పూర్తిగా మానేసేవాళ్ళున్నారు, అదీ నేను చెప్పను. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో తొమ్మిది వారాల శిక్షణ మధ్యలో ఒక గుంపుకు వారం రోజులు మొత్తం ఆపించారు, ఇంకో గుంపు ఆపకుండా చేసింది. కండ పెరుగుదలలో ఇద్దరికీ తేడా రాలేదు. కాళ్ళ బలంలో మాత్రం ఆపకుండా చేసినవాళ్ళు కాస్త ముందున్నారు. దీని నుంచి నేను రెండు తీసుకుంటాను. వారం తగ్గిస్తే కండ కరిగిపోతుందన్న మీ భయం అక్కర్లేదు. కానీ బార్ పూర్తిగా వదిలేస్తే ఆ బరువుతో చేతికున్న అలవాటు కొంచెం జారుతుంది. అందుకే మీ అయిదో వారంలో బార్ వదలడం లేదు, సెట్లే వదులుతున్నాం.

ఆ వారం చేయాల్సింది ఇది. అవే నాలుగు రోజులు, అవే వ్యాయామాలు, అదే వరస. ప్రతిరోజూ మొదటిదీ మూడోదీ రెండేసి సెట్లు, రెండోదీ నాలుగోదీ ఒక్కో సెట్. రోజుకు ఆరు, వారానికి 24. బరువు నాలుగో వారం కంటే సుమారు పదో వంతు తక్కువ. రెప్స్ అయిదు. ప్రతి సెట్ ముగిశాక "ఇంకా అయిదు కొట్టగలనే" అనిపించాలి. అరగంటలో జిమ్ నుంచి బయటపడతారు.

మీ బెంచ్‌కు లెక్క కట్టి చూపిస్తాను. మొదటి వారం 60 తో కాదు, 55 తో మొదలుపెడుతున్నాం. దీనికీ మీకు కోపం రావచ్చు. 55 తో ఎనిమిదేసి రెప్స్ మూడు సెట్లు, ప్రతి సెట్‌లో ఇంకా మూడు మిగిలి ఉండగానే ఆపాలి. రెండో వారం 9, 9, 8. మూడో వారం 10, 9, 9. నాలుగో వారం 10, 10, 10, అప్పటికి ఒకటి మాత్రమే మిగిలి ఉంటుంది, కష్టంగానే ఉంటుంది. అయిదో వారం 50 కిలోలు, అయిదేసి రెప్స్. ఆరో వారం 57.5 కిలోలతో మళ్ళీ ఎనిమిదేసి. మన జిమ్‌లలో చాలాచోట్ల 1.25 కిలోల ప్లేట్లు ఉండవు, 57.5 కట్టడం కుదరదు. అప్పుడు 60 పెట్టి ఏడేసితో మొదలుపెట్టండి. అన్నట్టు, మీ 60లో బార్ బరువు కలిపి రాశారా లేదా? ఆ బార్ 20 కిలోలదా, సన్న బార్ 10 కిలోలదా? కాటా ఉంటే ఒకసారి తూచి చెప్పండి. ఒకతను రెండేళ్ళు 70 అని రాసుకుని, తూస్తే 60 అని తేలింది.

అయిదో వారమే ఎందుకంటే, దానికి ఇంకో కారణం ఉంది. నెలకోసారి అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిచి వెళ్తానని రాశారు. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. గాలిగోపురం దాకా ఎక్కడానికే చాలామందికి తొడలు మండిపోతాయి, చివర మోకాళ్ళ పర్వతం ఎట్లాగూ ఉంది. అది భక్తి కావచ్చు, తొడలకు మాత్రం అది కాళ్ళ రోజే. మీ పాత పుస్తకంలో శుక్రవారం కాళ్ళు కొట్టి శనివారం తెల్లవారుజామున కొండ ఎక్కిన వారాలు రెండున్నాయి, ఆ తర్వాతి శుక్రవారం రెండుసార్లూ లెగ్ ప్రెస్ బరువు పడిపోయింది. మీరు దాన్ని "ఎండ" అని పక్కన రాసుకున్నారు. అందుకే కొండ ఎక్కే వారం డీలోడ్ వారంలో పడేట్టు సర్దాను, ఆ శుక్రవారం కాళ్ళ సెషన్ తీసేశాను. అంటే ఆ వారం 24 కూడా కాదు, 18 సెట్లు. దిగేటప్పుడు బస్సెక్కండి. మెట్లు దిగడం తొడ ముందు కండను సాగదీస్తూ పని చేయిస్తుంది, మూడు రోజుల నొప్పి దానివల్లే వస్తుంది.

ఎండ మాటకొస్తే, అది పూర్తిగా అబద్ధమూ కాదు. మే నెలలో రేకుల షెడ్డు కింద సాయంత్రం ఆరింటికి ఎవరికైనా రెండు రెప్స్ తగ్గుతాయి. కాబట్టి ఒక్కరోజు చెడితే దాన్ని అలసట అనుకోకండి. ముందురాత్రి పెళ్ళి భోజనం, మార్చి నెలాఖరు బ్యాంకు లెక్కలు, కరెంటు పోయి నిద్ర లేకపోవడం, ఏదైనా కావచ్చు. నేను చూసేది వరసగా రెండు సెషన్లలో అదే వ్యాయామానికి రెప్స్ పడిపోయాయా అని. దాంతోపాటు వార్మప్‌లో 40 కిలోలు పెట్టినప్పుడు బార్ ఎప్పటిలా చురుగ్గా లేస్తోందా, బరువుగా లేస్తోందా అని. పొద్దున మంచం దిగకముందు నాడి ఒక నిమిషం లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. మీ మామూలు అంకె కంటే ఏడెనిమిది ఎక్కువగా మూడు రోజులు వరసగా ఉంటే నాకు చెప్పండి. ఇవి రెండు మూడు కలిసి వస్తే నాలుగో వారంలోనే డీలోడ్ చేసేస్తాం. ఏదీ లేకుండా అంకెలు ఎక్కుతూ ఉంటే ఆరో వారానికి జరుపుతాం. అయిదు అని ప్లాన్‌లో రాసింది ముందస్తు అంచనా మాత్రమే.

అందరికీ ఇది పెట్టను. ఇరవై మూడేళ్ళ కుర్రాడు, జిమ్‌లో చేరి మూడు నెలలు, ఖాళీ బార్ మీద పది కిలోలు ఎక్కించి మురిసిపోతుంటాడు. అతనికి డీలోడ్ ఏమిటి? అతను ఎత్తే బరువు అతన్ని అలసిపోయేట్టు చేసేంత లేదు. పండగలకు ఊరెళ్ళడమే అతనికి సరిపోతుంది. మీ విషయంలోనూ అంతే, జ్వరమో, పెళ్ళి ప్రయాణమో వచ్చి వారం పోతే అదే డీలోడ్ కింద రాసేస్తాను, దానిమీద ఇంకొకటి పెట్టను. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ ఊళ్ళో స్కూటరు కదలదు, జిమ్‌కు పోయిరావడమే వ్యాయామం. మన తిరుపతి క్లయింట్లకు నేను ఏటా ఆ వారం చూసుకునే పెడతాను.

ఆ వారంలో చెడగొట్టుకునేవాళ్ళు సాధారణంగా రెండు రకాలు. మొదటివాళ్ళు బరువు తగ్గింది గదా అని 50 కిలోలతో ఇరవై, ఇరవై అయిదు రెప్స్ ఊపిరాడనంత దాకా కొడతారు. అది డీలోడ్ కాదు, వేరే రకం కష్టం. రెండోవాళ్ళకు సమయం మిగులుతుంది, ఖాళీగా ఉండలేరు. ఒకాయన ఆ వారమంతా ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పిల్లలతో క్రికెట్ ఆడి, బౌలింగ్ వేసి, భుజం పట్టుకుని వచ్చాడు. ఇంకో పొరపాటు తిండిది. పని తక్కువ కాబట్టి తిండీ తగ్గించాలనుకుంటారు. శరీరం మరమ్మతు చేసుకునే వారంలో సంగటి ముద్ద సగం చేస్తే ఎట్లా? పప్పు, గుడ్లు, పెరుగు, మామూలుగా తినేది అంతే తినండి.

ఇక డీలోడ్ పని చేయని సందర్భం కూడా చెప్పాలి, లేకుంటే దీన్ని మందులా వాడతారు. చంద్రగిరి నుంచి ఒక టీచరమ్మ ఉండేవారు. అంకెలు నెల రోజులుగా పడిపోతున్నాయి. డీలోడ్ పెట్టాను. తర్వాతి వారం కూడా అంతే. తప్పు నాదే, రెండో డీలోడ్ పెట్టాను. అప్పుడూ లేవలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆమె ఒకరోజు మాటల్లో అన్నాక డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. రక్తం బాగా తక్కువగా ఉందని తేలింది. అది సరిచేసుకున్నాక, ప్లాన్ ఏమీ మార్చకుండానే అంకెలు లేచాయి. అప్పటి నుంచి నా నియమం ఇది: డీలోడ్ తర్వాతి వారంలో బరువులు వెనక్కి రాకపోతే, కారణం శిక్షణ కాదు. నిద్ర, తిండి, ఇంట్లో గొడవ, ఒంట్లో జబ్బు, ఇంకెక్కడో ఉంటుంది. అట్లాగే మోచేతి నొప్పి రాత్రి నిద్ర లేపినా, చెయ్యి వేళ్ళలో తిమ్మిరి వచ్చినా, ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, అది తగ్గించి చేసే సంగతి కాదు, ఆపి డాక్టరుకు చూపించే సంగతి.

డబ్బు మాట అడిగారు కాబట్టి అదీ చెప్తాను. 91 సెట్లు రాసివ్వడం నాకు చాలా సులభం. పది నిమిషాల పని, మీరూ సంతోషిస్తారు. ఏ 43 తీసేయాలో తేల్చడానికే మీ పుస్తకం రెండు సాయంత్రాలు చదివాను.

ఈ సోమవారం 55 తోనే మొదలుపెట్టండి. మూడో సెట్ ఫోను పక్కకు పెట్టి వీడియో తీసి పంపండి, మోచేతులు ఎంత వెడల్పుగా పోతున్నాయో నాకు చూడాలని ఉంది, ఆ లాగుడు అక్కడి నుంచే వస్తోందని అనుమానం. సెట్‌కు సెట్‌కు మధ్య రెండున్నర నిమిషాలు ఆగండి, పాత అలవాటులో నలభై సెకన్లకే లేవొద్దు. టిక్కులు వద్దు, అంకెలు రాయండి. బార్ తూయడం మర్చిపోవద్దు.